మ్యూజిక్ చేసే ఫ్రెండ్‌ని మీ చిన్న గేమ్‌కి ట్యూన్లు అడగడం ఎలా: మెసేజ్, డబ్బు లెక్కతో సహా

"గేమ్ దాదాపు అయిపోయింది. మా ఫ్రెండ్ ఒకడు మ్యూజిక్ బాగా చేస్తాడు. వాడిని ఎలా అడగాలి, ఎంత ఇస్తానని చెప్పాలి?" చిన్న గేములు చేసేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకేసారి రాసేస్తున్నాను.

ముందు, నేను చెడగొట్టిన మెసేజ్ చూడండి. కొన్నేళ్ల కిందట నా ఫ్రెండ్‌కి పంపింది ఇది:

> మామా ఖాళీయేనా? చిన్న గేమ్ చేస్తున్నా. నాలుగైదు ట్యూన్లు కావాలి, నీకైతే అరగంట పని. అమ్ముడుపోతే సగం సగం.

వాడు "సరే మామా" అన్నాడు. ఐదు నెలల్లో నాలుగు ట్యూన్లు చేసి పంపాడు. ఈలోగా నేను ఉద్యోగం మారాను, గేమ్ అటకెక్కింది. సగం సగం కాస్తా సున్నాలో సగం అయింది. తర్వాత ఒక పెళ్లి భోజనాల్లో పక్కపక్కనే కూర్చున్నాం. పప్పులో నెయ్యి వేయించుకుంటూ, "ఆ ఫ్లూట్ ట్యూన్ ఎక్కడైనా వాడావా?" అని అడిగాడు. కోపం లేదు, మామూలుగానే అడిగాడు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

ఆ మెసేజ్‌లో తప్పు మర్యాదలో లేదు. గేమ్ పూర్తవుతుందో లేదో, అమ్ముడవుతుందో లేదో అన్న రిస్కంతా నేను వాడి నెత్తిన పెట్టాను. అందుకే నేనిప్పుడు ఒక్క నియమం పాటిస్తాను: గేమ్ ఒక్క కాపీ అమ్ముడుపోకపోయినా నా జేబులోంచి ఇవ్వగలిగిన మొత్తమే మెసేజ్‌లో రాస్తాను. అమ్మకాల్లో వాటా ఇస్తే అది దాని పైన బోనస్.

కింది స్టెప్పులన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకుంటాను. విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే రైలు మీద ఒక చిన్న 2డి గేమ్. ఆడటానికి 40 నిమిషాలు పడుతుంది. పగలు ప్రయాణం, సొరంగాలు, రాత్రి ప్రయాణం, చివర్లో అరకు స్టేషన్. చేసేది ఒక్కరే, అదీ ఉద్యోగం చేసుకుంటూ.

## కావాల్సినవి

- గేమ్ ఆడుతున్నప్పటి వీడియో, 40 సెకన్లు చాలు. బొమ్మలు పూర్తి కాకపోయినా పర్లేదు, కదలిక తెలియాలి.
- ఎక్కడెక్కడ మ్యూజిక్ వస్తుందో లిస్టు.
- పక్కన తీసి పెట్టిన డబ్బు. వచ్చే నెల జీతం లెక్కలోకి రాదు.
- మీకు నిజంగా మ్యూజిక్ అవసరమయ్యే తేదీ.
- ఆ ఫ్రెండ్‌నే ఎందుకు అడుగుతున్నారో ఒక్క వాక్యం. అది దొరక్కపోతే మీకు కావాల్సింది వాడు కాదు, ఎవరో ఒక మ్యూజిషియన్. అలాంటప్పుడు స్నేహాన్ని మధ్యలోకి లాగకపోవడమే మంచిది.

## 1. మ్యూజిక్‌ని నిమిషాల్లో లెక్కేయండి

"నాలుగైదు ట్యూన్లు" అంటే అవతలివాళ్లకు ఏమీ తెలియదు. ట్యూన్ అంటే పది సెకన్లదీ కావచ్చు, ఐదు నిమిషాలదీ కావచ్చు. గేమ్ మ్యూజిక్‌లో బేరం సాధారణంగా పూర్తయిన నిమిషానికి ఇంత అని నడుస్తుంది. కాబట్టి మీ లిస్టు కూడా నిమిషాల్లోనే ఉండాలి.

ఇక్కడ కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు, 40 నిమిషాల గేమ్‌కి 40 నిమిషాల మ్యూజిక్ కావాలనుకోవడం. అక్కర్లేదు. గేమ్‌లో ఎక్కువగా వాడేది లూప్. అంటే ఒక ముక్క చివరికొచ్చాక అతుకు తెలియకుండా మళ్లీ మొదటికి వెళుతుంది. రెండు నిమిషాల మంచి లూప్ పది నిమిషాల ఆటకు సరిపోతుంది. మన రైలు గేమ్ లిస్టు ఇలా తేలింది:

- మెనూ: 1 నిమిషం లూప్
- పగలు ప్రయాణం: 2 నిమిషాల లూప్
- రాత్రి ప్రయాణం: 1 నిమిషం 30 సెకన్ల లూప్
- ముగింపు: 45 సెకన్లు, లూప్ కాదు
- స్టేషన్ వచ్చినప్పుడు, సిగ్నల్ తప్పినప్పుడు: ఐదేసి సెకన్ల చిన్న ముక్కలు రెండు

మొత్తం 5 నిమిషాల 15 సెకన్లు, పైన రెండు చిన్న ముక్కలు.

మరి సొరంగం? దానికి వేరే ట్యూన్ అడగాలనిపిస్తుంది. అడగొద్దు. పగటి ట్యూన్‌నే రెండు లేయర్లుగా ఇమ్మనండి: ఫ్లూట్ ఒక ఫైల్, తాళం, తంబుర కలిపి ఇంకో ఫైల్. రెండూ ఒకే పొడవుండాలి, గేమ్‌లో రెండూ ఒకేసారి మొదలవ్వాలి. రైలు సొరంగంలోకి వెళ్లగానే ఫ్లూట్ లేయర్ సౌండ్ తగ్గించేయండి. బయటికి రాగానే ట్యూన్ మధ్యలోంచే ఫ్లూట్ మళ్లీ వినిపిస్తుంది. కొత్త ట్యూన్ పెట్టినా ఆ ఎఫెక్ట్ రాదు, ఖర్చూ తక్కువ. అయితే తాళం లేయర్ ఒక్కటే వినిపించినా బోసిపోకుండా ఉండాలి కాబట్టి, వాడికి కొంత అదనపు పని ఉంటుంది. దానికీ డబ్బు కట్టాలి.

## 2. నిమిషానికి ఎంత?

దీనికి ఎక్కడా అచ్చు వేసిన రేట్ల పట్టిక లేదు. అనుభవం, వాయిద్యాలు, లైవ్‌లో వాయించాలా, కంప్యూటర్‌లోనే చేయాలా అన్నదాన్ని బట్టి చాలా మారుతుంది. నేను రెండు వైపుల నుంచి లెక్కేస్తాను.

మొదటిది, గంటల వైపు నుంచి. ఇంట్లో కంప్యూటర్, కీబోర్డ్, ఒక మైక్ ఉన్న మనిషికి ట్యూన్ ఆలోచించి, వాయించి, మిక్స్ చేసి, మార్పులు కూడా చేయడానికి పూర్తయిన ఒక్క నిమిషానికి ఆరు గంటలు పడతాయనుకోండి. నాతో పనిచేసినవాళ్లకు ఇంచుమించు అంతే పట్టింది. 5.25 నిమిషాలంటే 32 గంటల దాకా అవుతుంది. ఉద్యోగం చేసేవాడైతే అది నాలుగు వీకెండ్లు మాయమైనట్టే. "అరగంట పని" అని రాసిన నా పాత మెసేజ్‌ని ఒకసారి మళ్లీ చదవండి.

రెండోది, వాడి సంపాదన వైపు నుంచి. అదే నాలుగు వీకెండ్లు వాడు రిసెప్షన్లలో వాయిస్తే, పిల్లలకు క్లాసులు చెబితే ఎంత వస్తుంది? మీరిచ్చేది దానికి కనీసం దగ్గరలో ఉండాలి. ఎంత వస్తుందో తెలియకపోతే మామూలుగా మాట్లాడుకునేటప్పుడు కనుక్కోవచ్చు, అదేమీ తప్పు కాదు.

మన ఉదాహరణలో నిమిషానికి ₹3,000 పెట్టాను. 5.25 నిమిషాలకు ₹15,750. చిన్న ముక్కలు ఒక్కోటి ₹500 చొప్పున ₹1,000. సొరంగం లేయర్ల పనికి ₹1,250. మొత్తం ₹18,000. 32 గంటలతో భాగిస్తే గంటకు ₹560 చిల్లర. సినిమా రేటు కాదు, కానీ ఇంట్లో చేసే చిన్న గేమ్‌కి సిగ్గుపడాల్సిన రేటూ కాదు.

అంత డబ్బు లేకపోతే రేటు తగ్గించకండి, లిస్టు తగ్గించండి. ₹6,000 ఉంటే రెండు నిమిషాల పగటి ట్యూన్ ఒక్కటే అడగండి. మెనూలో దాని మొదటి భాగం వాడుకోండి. రాత్రికి రైలు చప్పుడు, కీచురాళ్లు చాలు. నిజం చెప్పాలంటే కొన్ని గేములు అలాగే బాగుంటాయి. ఇంకో దారి కూడా ఉంది: వాడు ఇదివరకే చేసి పక్కన పడేసిన ట్యూన్ ఒకటి తక్కువ డబ్బుకు వాడుకోనిస్తాడేమో అడగొచ్చు. ఆ ట్యూన్‌ని వాడు వేరేవాళ్లకు కూడా ఇచ్చుకోవచ్చని మాత్రం ఒప్పుకోండి.

పనికి పని ఇచ్చిపుచ్చుకోవడం కూడా కుదురుతుంది. వాడికి మీరు వెబ్‌సైట్ చేసిపెట్టొచ్చు. కానీ అది కూడా గంటల్లో రాయాలి, ఇద్దరి పనికీ తేదీలుండాలి. "నీకెప్పుడైనా అవసరమైతే చేసిపెడతాలే" అన్నది బేరం కిందికి రాదు.

## 3. వాటా ఇస్తాననే ముందు ఈ లెక్క వేయండి

"అమ్ముడైతే సగం" అనే మాట వినడానికి ఉదారంగా ఉంటుంది. అంకెల్లో పెట్టి చూద్దాం. స్టీమ్‌లో మన గేమ్ ధర ₹199. అదృష్టం బాగుండి 300 కాపీలు, అన్నీ ఇండియాలోనే, డిస్కౌంట్ లేకుండా అమ్ముడయ్యాయనుకోండి.

వసూలైంది ₹59,700. ఆ ధరలోనే 18 శాతం జీఎస్టీ ఉంది. అది తీసేస్తే సుమారు ₹50,590. స్టీమ్ 30 శాతం తీసుకున్నాక మీకు మిగిలేది ₹35,400 చిల్లర. రిఫండ్లు లెక్కలోకి తీసుకోలేదు. గేమ్ పెట్టడానికి ముందే కట్టిన 100 డాలర్లు కూడా ఇంకా తిరిగిరావు, ఎందుకంటే స్టీమ్ అవి వెనక్కి ఇచ్చేది గేమ్ అమ్మకం 1,000 డాలర్లు దాటాకే.

ఇప్పుడు సగం అంటే ₹17,700. అంటే 300 కాపీలు పూర్తి ధరకు అమ్మి, సగం వాటా ఇచ్చినా మనం వేసుకున్న ₹18,000 కూడా రాదు. పది శాతమైతే ₹3,540. నాలుగు వీకెండ్ల పనికి, అదీ ఏడాది తర్వాత.

అందుకే ముందు ఫిక్స్‌డ్ మొత్తం, ఆ పైన చిన్న వాటా. నేను రాసే షరతు ఇది: నా ఖాతాలో చేరిన డబ్బు ₹50,000 దాటాక, దాటిన మొత్తంలో 10 శాతం, మూడేళ్ల పాటు, ఆరు నెలలకోసారి లెక్కతో. పై లెక్క ప్రకారమే 1,000 కాపీలు అమ్మితే నాకు చేరేది సుమారు ₹1,18,000. దాటిన ₹68,000లో వాడి వాటా ₹6,800. "లాభంలో వాటా" అని మాత్రం ఎప్పుడూ రాయకండి. లాభం అంటే ఏమిటో మీ ఇద్దరికీ రెండు అర్థాలుంటాయి. కొత్త ల్యాప్‌టాప్ ఖర్చు అందులో కలిపారా లేదా అన్న దగ్గరే గొడవ మొదలవుతుంది. "నా ఖాతాలో చేరిన డబ్బు" అంటే స్టేట్‌మెంట్ చూపిస్తే చాలు.

ఉచితంగా పెట్టే గేమ్ అయితే వాటా మాటే ఎత్తకండి.

## 4. హక్కుల గురించి నాలుగు మాటలు

₹18,000కి ట్యూన్ల మీద సర్వహక్కులూ అడగడం అత్యాశ. మీకు కావాల్సింది గేమ్‌లో వాడుకునే అనుమతి. ట్యూన్లు వాడివే, ఆల్బంగా విడుదల చేసుకోవచ్చు, ఎక్కడైనా వాయించుకోవచ్చు. మీరు గేమ్‌లో, దాని ట్రైలర్లలో, అప్‌డేట్లలో, తర్వాత ఫోన్‌కి మార్చినప్పుడు వాడుకోవచ్చు. వాడు ఇంకో గేమ్‌కి అవే ట్యూన్లు ఇవ్వకూడదని మీరనుకుంటే ఆ మాట కూడా రాయండి.

ఒక్కటి మర్చిపోకండి: ఎంతకాలం, ఎక్కడెక్కడ. మన కాపీరైట్ చట్టం 1957, 19వ సెక్షన్ ప్రకారం గడువు రాయకపోతే హక్కు ఐదేళ్లకే ఇచ్చినట్టు, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే ఇచ్చినట్టు లెక్క. 30ఏ సెక్షన్ అదే పద్ధతిని లైసెన్సులకూ వర్తింపజేస్తుంది. స్టీమ్‌లో పెట్టిన గేమ్ అన్ని దేశాల్లో అమ్ముడవుతుంది. కాబట్టి "ప్రపంచమంతా, కాపీరైట్ ఉన్నంతకాలం" అనే మాటలు ఉండి తీరాలి.

ఇంకో రెండు ప్రశ్నలు వాడు ఒప్పుకున్నాక అడగండి, మొదటి మెసేజ్‌లో అక్కర్లేదు. పాటల రాయల్టీలు వసూలు చేసే ఐపీఆర్ఎస్ లాంటి సొసైటీలో సభ్యుడా? అయితే కొన్ని హక్కులు ఇప్పటికే ఆ సొసైటీ చేతిలో ఉంటాయి, ఒప్పందం రాసేముందు అది తెలియాలి. ఆల్బం విడుదల చేసేటప్పుడు యూట్యూబ్ కంటెంట్ ఐడీ ఆన్ చేస్తాడా? చేస్తే మీ గేమ్ ఆడుతూ వీడియో పెట్టిన ప్రతి ఒక్కరికీ కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. మీకు ఉచితంగా ప్రచారం చేసేవాళ్లను మీరే తరిమినట్టవుతుంది. ఆల్బం పెట్టేటప్పుడు ఆ ఆప్షన్ ఆఫ్ చేయమనండి.

## 5. మెసేజ్ రాయండి

ఫోన్ చేయకండి. ఫోన్‌లో అడిగితే మొహమాటానికి అప్పటికప్పుడే "సరే" అనేస్తారు. కాలేజీ గ్రూపులో అసలే అడగొద్దు, పదిమంది ముందు "ఎంతిస్తావ్" అని ఎవరూ అడగలేరు. విడిగా, రాసి పంపండి.

మన రైలు గేమ్ మెసేజ్ మొత్తం ఇదిగో:

> మామా, ఎలా ఉన్నావు? ఒక పని గురించి అడుగుతున్నా. తీరిగ్గా చదువు, ఇవాళే జవాబు అక్కర్లేదు.
>
> అరకు రైలు మీద చిన్న గేమ్ చేస్తున్నా. ఆడటానికి 40 నిమిషాలు పడుతుంది. 40 సెకన్ల వీడియో కింద పెట్టా, సౌండ్ లేదు. మ్యూజిక్ నువ్వు చేస్తావా? కాలేజీ డే రోజు కరెంట్ పోతే చీకట్లో నువ్వు ఫ్లూట్ వాయించావు చూడు, గేమ్‌కి సరిగ్గా ఆ మూడ్ కావాలి.
>
> కావాల్సింది: మెనూ 1 నిమిషం, పగలు 2 నిమిషాలు, రాత్రి ఒకటిన్నర నిమిషం (ఈ మూడూ లూప్‌లు), ముగింపు 45 సెకన్లు, ఐదేసి సెకన్ల చిన్న ముక్కలు రెండు. పగటి ట్యూన్‌లో ఫ్లూట్ విడి ఫైల్‌గా కావాలి, సొరంగంలో దాన్ని ఆపేస్తా.
>
> డబ్బు: మొత్తం ₹18,000. మొదలుపెట్టే ముందు 6,000, రఫ్ ట్యూన్లు ఓకే అనుకున్నాక 6,000, ఫైనల్ ఫైళ్లు ఇచ్చిన రోజు 6,000. గేమ్ అమ్ముడైనా కాకపోయినా ఇది నీదే. మధ్యలో నేనే ఆపేస్తే అప్పటిదాకా ఇచ్చింది తిరిగి అడగను, అప్పటికి చేసిన పనికి బాకీ ఉంటే కడతా, ట్యూన్లు కూడా నీవే. గేమ్ మీద నా ఖాతాకి ₹50,000 దాటి వస్తే, దాటినదాంట్లో మూడేళ్లు నీకు 10 శాతం. అది వస్తుందని లెక్కలో పెట్టుకోవద్దు, చిన్న గేమ్ ఇది.
>
> మార్పులు: ఒక్కో ట్యూన్‌కి రెండుసార్ల దాకా అడుగుతా. నేనే మనసు మార్చుకుని కొత్తది కావాలంటే నిమిషానికి ₹3,000 విడిగా ఇస్తా.
>
> హక్కులు: ట్యూన్లు నీవి, ఆల్బం పెట్టుకో. గేమ్‌లో, ట్రైలర్లలో ప్రపంచమంతటా ఎప్పటికీ వాడుకునే అనుమతి నాకు చాలు. గేమ్‌లోనూ, స్టోర్ పేజీలోనూ నీ పేరుంటుంది. ఒప్పుకుంటే ఒక పేజీ కాగితం రాసుకుని ఇద్దరం సంతకం పెడదాం.
>
> టైమ్: నువ్వు మొదలుపెట్టిన రోజు నుంచి పది వారాలు. ఆలస్యమైతే ముందే చెప్పు, సర్దుకుందాం.
>
> నీ రేటు ఇంతకంటే ఎక్కువైతే చెప్పు, ట్యూన్లు తగ్గించుకుంటా. కుదరకపోతే "కుదరదు మామా" అని ఒక్క ముక్క చాలు, కారణం అక్కర్లేదు. ఆదివారంలోగా చెబితే ఇంకెవరినైనా చూసుకుంటా.

పొడవుగా ఉంది కదా అంటారు. ఉంది. కానీ దీనికి జవాబివ్వడానికి వాడు మిమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగక్కర్లేదు. ముఖ్యంగా "ఎంతిస్తావ్" అని. మన దగ్గర స్నేహితుడిని ఆ మాట అడగడానికి మొహమాటపడి ఊరికే పని చేసిపెట్టినవాళ్లు లెక్కలేనంత మంది.

కాలేజీ డే వాక్యం చూడండి. "నువ్వు చాలా టాలెంటెడ్" అని రాస్తే అది మస్కా. ఫలానా రోజు ఫలానాది వాయించావు అంటే, మీరు నిజంగా విన్నారని అర్థం. పైగా ఎలాంటి మ్యూజిక్ కావాలో కూడా అందులోనే చెప్పేశారు.

అడిగేది సీనియర్‌నో, పెద్దవాళ్లనో అయితే "అన్నా", "అక్కా" అని "మీరు" వాడండి, విషయం మాత్రం ఇదే ఉంచండి. డబ్బు పేరా దగ్గర "మీకు డబ్బు గురించి చెప్పేంతవాణ్ని కాదు అన్నా" లాంటి నమస్కారాలు చేర్చకండి. ఆ ఒక్క వాక్యంతో వాళ్లు ఎక్కువ అడగలేని పరిస్థితి వస్తుంది. "నా బడ్జెట్ ₹18,000 అక్కా, దీనికి మీరు ఎంతవరకు చేయగలరో చెప్పండి" అంటే మర్యాదా ఉంటుంది, దారీ ఉంటుంది.

ఫ్రెండ్ అమెరికాలో ఉంటే ఇంకో చిక్కు. హెచ్1బి మీదో, స్టూడెంట్ వీసా మీదో ఉన్నవాళ్లు పక్కన ఇలాంటి డబ్బు పని చేయడానికి వీసా నియమాలు అడ్డొస్తాయి. "నీ వీసాకి ఇబ్బంది లేకపోతేనే, ముందు కనుక్కుని చెప్పు" అని మీరే రాయండి. డబ్బు వాళ్ల అమ్మగారి ఖాతాలో వేస్తే సరిపోతుందనే తెలివి మాత్రం వద్దు.

## 6. పంపే ముందు చెక్ చేసుకోండి

మ్యూజిక్ గురించీ గేముల గురించీ ఏమీ తెలియని ఒకరికి మెసేజ్ చూపించండి. మా ఇంట్లో ఈ పని మా చెల్లిది. చదివాక ఐదు ప్రశ్నలు అడగండి: ఎన్ని నిమిషాల మ్యూజిక్? మొత్తం ఎంత డబ్బు? మొదటి వాయిదా ఎప్పుడు? గేమ్ ఆగిపోతే ఏమవుతుంది? వద్దనాలంటే ఏం చేయాలి? ఒక్కదానికైనా తడబడితే ఆ పేరా తిరగరాయండి.

తర్వాత ఈ మాటల కోసం వెతికి తీసేయండి: "జస్ట్", "సింపుల్ ట్యూనే", "నీకైతే ఎంతసేపు", "నీ పేరు వేస్తాం, నీకూ పబ్లిసిటీ". పేరు వేయడం మీ బాధ్యత, అది జీతంలో భాగం కాదు. సినిమా పాట లింకు పెట్టి "అచ్చం ఇలాగే కావాలి" అని రాసి ఉంటే అదీ తీసేయండి. అచ్చం అలాగే చేస్తే మీ ఇద్దరికీ కాపీరైట్ తలనొప్పి. ఆ పాటలో మీకు నచ్చింది వేగమా, వాయిద్యమా, ఖాళీగా వదిలిన చోట్లా అన్నది మాటల్లో రాయండి.

బ్యాంక్ యాప్ తెరిచి ₹18,000 ఉందో లేదో కూడా చూడండి. నవ్వకండి. నాకు తెలిసి మూడో వాయిదా దగ్గర ఆగిపోయిన ఒప్పందాలు ఉన్నాయి.

## 7. జవాబు వచ్చాక

"చూద్దాం మామా" అంటే చాలాసార్లు వద్దనే. ఆదివారం దాటాక ఒక్కసారి గుర్తు చేయండి: "మామా, వేరేవాళ్లను అడగనా?" దానికీ జవాబు లేకపోతే మళ్లీ ఆ విషయం ఎత్తకండి. తర్వాత కలిసినప్పుడు మీరే వేరే మాటలు మాట్లాడండి, వాడి ఇబ్బంది పోతుంది.

"మన మధ్య డబ్బులేంటి రా" అన్నాడనుకోండి. ఇదే అసలైన గోతి. నేనైతే ఇలా రాస్తాను: "నీకు డబ్బు కోసం కాదు మామా, నా కోసం. డబ్బిస్తేనే నేను మార్పులు అడగగలను, లేకపోతే నచ్చకపోయినా నోరు మూసుకోవాలి." ఇది అబద్ధం కాదు. ఊరికే వచ్చిన ట్యూన్‌ని "ఇది సరిగ్గా కుదరలేదు" అని ఎవరు చెప్పగలరు? అప్పటికీ వద్దంటే లిస్టును ఒక్క ట్యూన్‌కి కుదించి, అది కానుకగా తీసుకోండి. హక్కుల కాగితం మాత్రం అప్పుడూ రాసుకోండి.

"నిమిషానికి 5,000 అయితే చేస్తా" అంటే ₹18,000లో మూడున్నర నిమిషాలు వస్తాయి. మెనూ, ముగింపు తీసేస్తే పగలు, రాత్రి కలిపి సరిగ్గా మూడున్నరే. చిన్న ముక్కలు, లేయర్ల పని అందులోనే కలుస్తాయా అని అడిగి ఒప్పుకోండి. బేరమాడకండి.

ఒప్పుకున్నాక రెండు సాంకేతిక విషయాలు చెప్పండి. ఫైళ్లు `.wav` లోనే ఇమ్మనండి, గేమ్‌కి పెట్టేటప్పుడు మీరు `.ogg` లోకి మార్చుకోండి. `.mp3` అయితే ఫైల్ మొదట్లో, చివర్లో చిటికెడు నిశ్శబ్దం చేరుతుంది, లూప్ తిరిగినప్పుడల్లా తడబడినట్టు వినిపిస్తుంది. రెండోది, రెడీమేడ్ శాంపిల్స్ వాడితే ఎక్కడివో, ఏ లైసెన్స్‌వో రాసి ఇమ్మనండి.

ఫైల్ చేతికొచ్చాక ఇలా చూడండి. ఆడాసిటీలో తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, లూప్‌లో పెట్టి, ఇయర్‌ఫోన్లతో అతుకు దగ్గర పదిసార్లు వినండి. టిక్ మని వినిపించినా, చివరి స్వరం మోగుతుండగానే కత్తిరించినట్టు అనిపించినా ఆ సమయం రాసి పంపండి. తర్వాత అదే ట్యూన్‌ని ఫోన్ స్పీకర్‌లో వినండి. మృదంగం తొప్పి వైపు గంభీరమైన నాదం చిన్న స్పీకర్‌లో దాదాపు మాయమవుతుంది. అప్పుడు మీ ట్యూన్‌లో ఇంకేం మిగిలిందో తెలుస్తుంది. చివరగా గేమ్‌లో పెట్టి ఇరవై నిమిషాలు ఆడండి. విడిగా విన్నప్పుడు అద్భుతంగా ఉన్న ట్యూన్ పదోసారికి విసుగనిపిస్తే, తప్పు సాధారణంగా మరీ గుర్తుండిపోయే ఒక్క గమకానిదే. దాన్ని తగ్గించమని అడగడానికే రెండుసార్ల మార్పులు పెట్టుకున్నది. "ఎందుకో సెట్ కాలేదు" అని మాత్రం రాయకండి. "0:48 దగ్గర ఫ్లూట్ పైకెళ్లేది మూడో రౌండ్ నుంచి గుచ్చుకుంటోంది, కాస్త మెత్తగా కావాలి" అంటే వాడికి పని తెలుస్తుంది.

వాడు "సరే" అన్న సాయంత్రమే షరతులను ఒక పేజీలో రాసి పంపండి. సంతకాలయ్యాక, వాడు కీబోర్డ్ ముట్టుకోకముందే మొదటి ₹6,000 యూపీఐ చేయండి. నోట్ దగ్గర ఖాళీ వదలకుండా "రైలు గేమ్ మ్యూజిక్, వాయిదా 1/3" అని రాయండి.